మహర్‌ను 'డౌరీ' అని రాయకండి

వరకట్నం వధువు ఇంటి నుండి వరునికి వెళ్ళే సొమ్ము. మహర్ వరుడు వధువుకు చెల్లించవలసిన సొమ్ము. అయినా ఇరాన్ నికాహ్‌నామాలను పరదేశపు కుటుంబ న్యాయస్థానాల కోసం ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఫార్సీలోని 'మెహ్రియే'కు 'డౌరీ' అని రాసి చేతులు దులుపుకునే అనువాదకులున్నారు. ఆ ఒక్క మాటతో హక్కుదారు యాచకురాలవుతుంది.

టెహ్రాన్‌లో కుదిరిన ఒక ఒప్పందాన్ని ఊహించుకుందాం. ఒక ఖుర్ఆన్ ప్రతి, ఒక అద్దం, ఒక జత దీపపు సెమ్మెలు, 114 'బహారె ఆజాదీ' బంగారు నాణేలు మహర్‌గా నిర్ణయించారు. అవి భర్త 'జిమ్మా'పై ఉన్నాయనీ, 'ఇందల్ ముతాలబా' చెల్లించాలనీ రాశారు. జిమ్మాపై ఉండటమంటే అప్పుగా ఉండటం. ఇందల్ ముతాలబా అంటే భార్య అడిగినప్పుడు. ఇరాన్ పౌరస్మృతి 1082వ అధికరణ ప్రకారం నికాహ్ జరిగిన క్షణమే మహర్ ఆమె సొత్తు. విడాకుల కోసం ఎదురుచూడనక్కరలేదు.

దీనిని 'విడాకులైతే చెల్లించే సొమ్ము' అని రాస్తే ఏమవుతుంది? 1988లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు దజానీ కేసులో, జోర్డాన్‌లో జరిగిన ఒక వివాహపు మహర్‌ను విడాకులను ప్రోత్సహించే లాభంగా భావించి, చెల్లదన్నది. అంతకు ముందే, 1964లో, షహనాజ్ వర్సెస్ రిజ్వాన్ కేసులో ఇంగ్లండు న్యాయస్థానం భారతదేశంలో జరిగిన నికాహ్ తాలూకు మహర్‌ను ఒప్పందం వలన కలిగిన ఆస్తిహక్కుగా గుర్తించింది. మహర్‌ను న్యాయమూర్తి ఏమని అర్థం చేసుకున్నారన్నదే ఫలితాన్ని మార్చింది.

కొన్ని పత్రాలలో 'ఇందల్ ఇస్తితాఅ' అని ఉంటుంది. భర్తకు స్తోమత ఉన్నప్పుడు చెల్లించాలని దాని అర్థం. అప్పుడు అతనికి స్తోమత ఉందని చూపే భారం భార్యపై పడుతుంది. ఈ రెండు మాటలను కలగాపులగం చేసే అనువాదం అనువాదమే కాదు. 2013లో అమలులోకి వచ్చిన కుటుంబ రక్షణ చట్టం 110 నాణేల వరకే భర్తను జైలుకు పంపే ఒత్తిడిని అనుమతించింది. దానిని చూపి మిగిలిన నాలుగు నాణేల అప్పు రద్దయిందని వాదించేవారికి లొంగకండి. అది వసూలు పద్ధతికి పెట్టిన హద్దు, అప్పుకు కాదు.

కోర్టుకిచ్చే ఇంగ్లీషు వివరణలో 'మహర్' అన్న పేరును అలాగే ఉంచి, నాలుగు సాదా వాక్యాలు రాయించండి: ఇది భర్త భార్యకు బాకీ, నికాహ్‌తోనే ఆమె సొంతమైంది, ఆమె ఎప్పుడు అడిగితే అప్పుడు చెల్లించాలి, ఇది భరణం కాదు.

మన నికాహ్‌నామాలకూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. వెంటనే చెల్లించవలసిన మహర్‌ను, వాయిదా వేసిన మహర్‌ను ఉర్దూ లిపి వేర్వేరుగా చూపుతుంది. తెలుగులో రెండూ 'ముఅజ్జల్' అవుతాయి. కనుక ఆ పదం పక్కనే 'వెంటనే' అనో 'వాయిదా' అనో రాయించిన తరువాతే ఆడపిల్ల చేత సంతకం పెట్టించండి.