మూసిపెట్టిన ల్యాప్‌టాప్ చార్జింగు ఎక్కకపోతే



బడులు తిరిగి తెరిచే రోజుల్లో మా దగ్గరకు తరచు వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. "సెలవుల్లో ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టినాము. ఇప్పుడు చార్జరు పెడితే తెర వెలుగుతున్నది గాని, బ్యాటరీ సున్నా దగ్గరే ఉన్నది. కొత్త బ్యాటరీ కొనవలెనా?" అని అడుగుతారు. ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

మంచిర్యాల దగ్గర ఒక పల్లెలో మాకు బాగా తెలిసిన కుటుంబం ఉంది. వారి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక 6 శాతం మాత్రమే మిగిలి ఉన్న ల్యాప్‌టాప్ మూత మూసి బీరువాలో పెట్టింది. జూలైలో ఆన్‌లైన్ పరీక్షకు దరఖాస్తు చేయాలని తీస్తే తెర మీద "0% available (plugged in, not charging)" అని కనబడింది. వైరు తీస్తే మిషన్ వెంటనే ఆగిపోతోంది. "అన్నా, బ్యాటరీ సచ్చిపోయిందంటున్నరు. మూడు నాలుగు వేలైతదంట. నిజమేనా?" అని వాళ్ళమ్మ అడిగింది. పరీక్ష నడుమ కరెంటు పోతే బిడ్డ ఏడాది కష్టం పోతుందని ఆమె భయం.

ముందు లోపల ఏమి జరిగిందో తెలుసుకుందాము. ల్యాప్‌టాప్ బ్యాటరీలో లిథియం సెల్లులు ఉంటాయి. ఒక్కో సెల్లు నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 వోల్టులు, వాడుక ముగిసేసరికి సుమారు 3 వోల్టులు ఉంటుంది. మూత మూసినా మిషన్ పూర్తిగా నిద్రపోదు. లోపలి చిన్న చిప్పులు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఈ అమ్మాయి బ్యాటరీ మొత్తం సుమారు 41 వాట్-అవర్లు. అందులో 6 శాతమంటే రెండున్నర కంటె తక్కువ. రోజుకు పావు వాట్-అవర్ పోయినా పది రోజుల్లో ఖాళీ అవుతుంది. ఆ తరువాత సెల్లు ఇంకా క్రిందికి జారితే, బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు తలుపు మూసినట్లు కరెంటు దారిని కోసివేస్తుంది.

అటువంటి సెల్లుకు ఒక్కసారిగా పూర్తి కరెంటు పంపరాదు. అందుకే చార్జింగు సర్క్యూటు మొదట చాలా తక్కువ కరెంటు పంపి, సెల్లు 3 వోల్టులకు చేరిన తరువాతనే అసలు చార్జింగు మొదలుపెడుతుంది. ఆ కాసేపు తెర మీద సున్నాయే కనబడుతుంది. చాలామంది ఇక్కడే ఆశ వదలుకుంటారు.

అందుచేత మేము మొదట మిషన్‌ను పూర్తిగా ఆపి, దాని సొంత చార్జరుతో గంటన్నర ఉంచాము. చార్జరు మీది ముద్రను కూడా చూశాము: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు, అంటే 65 వాట్లు. మిషన్ కోరేదీ అంతే. తక్కువ వాట్ల చార్జరైతే మిషన్ నడుస్తుంది గాని, బ్యాటరీకి ఏమీ మిగలకపోవచ్చు. ఇక్కడ చార్జరు సరిగ్గానే ఉంది. అయినా చార్జింగు లైటు వెలగలేదు.

అప్పుడు పవర్ రీసెట్ చేశాము. ల్యాప్‌టాప్ లోపల చార్జింగును నడిపించే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. మనం మిషన్ ఆపినా అది మేలుకునే ఉంటుంది. బ్యాటరీ అడుగంటినప్పుడు ఆ చిప్పు ఒక్కొక్కసారి తికమకపడి, "బ్యాటరీ పనికిరాదు" అన్న పాత మాటనే పట్టుకొని కూర్చుంటుంది. దానికి కరెంటు పూర్తిగా తీసివేస్తే మళ్ళీ మొదటి నుండి లెక్క చూసుకుంటుంది. చేయవలసిన వరుస ఇది. మిషన్‌ను ఆపి, చార్జరు వైరు, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ తీయవలెను. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దానినీ తీయవలెను. తరువాత పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి వదలవలెను. బ్యాటరీని తిరిగి పెట్టి, చార్జరు తగిలించి, మిషన్‌ను ఆన్ చేయకుండా అరగంట ఉంచవలెను. బ్యాటరీ లోపలే ఉండే కొన్ని మోడళ్ళకు అడుగున గుండుసూది పట్టే చిన్న రంధ్రం ఉంటుంది. ఆ మోడల్ పుస్తకంలో అది రీసెట్ కొరకే అని ఉంటేనే వాడండి.

ఈసారి లైటు వెలిగింది. నలభై నిమిషాలకు 4 శాతం చూపింది. సాయంత్రానికి నిండింది. మరునాడు బ్యాటరీ ఎంత మిగిలిందో చూడటానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాము:

```
powercfg /batteryreport
```

అది తయారుచేసిన పేజీలో DESIGN CAPACITY 41,040 mWh, FULL CHARGE CAPACITY 33,600 mWh అని ఉంది. అంటే కొత్తప్పటి బలంలో సుమారు 82 శాతం. కొత్త బ్యాటరీ అవసరం లేదు.

మధ్యలో పక్కింటి తమ్ముడు, "ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే పోతది గద అన్నా" అన్నాడు. ముందుగా అది ప్రయత్నించాడట, గాని బ్యాటరీ తక్కువగా ఉందని ప్రోగ్రాము ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మేలైంది. ఆ మధ్యాహ్నం రెండుసార్లు కరెంటు పోయింది. ఫర్మ్‌వేర్ వ్రాస్తుండగా కరెంటు పోతే బ్యాటరీ కాదు, బోర్డే పాడైపోవచ్చు.

ఫర్మ్‌వేర్ అంటే ఆ చిన్న చిప్పు పాటించే నియమాల పుస్తకం. నియమంలో తప్పుంటే అది సరిచేస్తుంది. చచ్చిన సెల్లుకు ప్రాణం పోయదు. రీసెట్ చేస్తే చార్జి ఎక్కి, కొన్ని రోజులకు మళ్ళీ అదే జబ్బు వస్తున్నదనుకోండి. లేదా సరైన చార్జరునే మిషన్ గుర్తుపట్టడం లేదనుకోండి. అప్పుడు తయారుచేసినవారి సైటులో మీ మోడల్ నంబరు చూడండి. అప్‌డేట్ వివరాలలో చార్జింగు మాట ఉంటే చేయండి. బ్యాటరీ సగమైనా నిండిన తరువాత, చార్జరు తగిలించి, వీలైతే ఇన్వర్టరు ఉన్న ఇంట్లో చేయండి.

అన్నీ ఇలాగే బాగుపడవు. అదే వారంలో కరీంనగర్ వైపు నుండి ఒక టీచరు గారు తెచ్చిన ల్యాప్‌టాప్ రెండేళ్ళు రేకుల గదిలో తాళం వేసి ఉన్నది. బల్ల మీద పెడితే అడుగు సమంగా ఆనలేదు, టచ్‌ప్యాడ్ పైకి లేచింది. అంటే సెల్లులు ఉబ్బాయి. మేము దానికి చార్జరే తగిలించలేదు. చాలాకాలం 2 వోల్టుల కంటె క్రింద పడి ఉన్న సెల్లులో రాగి కరిగి, తరువాత చార్జి చేస్తే లోపలే షార్టు కావచ్చు. మంటలు లేవవచ్చు. రక్షణ సర్క్యూటు దారిని మూసేది ఇందుకే. కొందరు బ్యాటరీ విప్పి, బండి బ్యాటరీ వైర్లతో "లేపుతాము" అంటారు. అలా చేయనీయకండి. టీచరు గారు ఆ బ్యాటరీని మార్పించుకున్నారు.

రీసెట్ రెండుసార్లు చేసి, రెండు మూడు గంటలు ఆగినా సున్నా కదలకపోతే, లేక "No battery is detected" అనే మాట పోకపోతే, అక్కడ ఆగి మెకానిక్‌కు చూపించండి. ఇంకా నొక్కి లాభం లేదు.

అమ్మాయి దరఖాస్తు గడువులోగా పంపింది. ఇప్పుడు సెలవులకు ముందు బ్యాటరీని సగం వరకు నింపి, మూత మూయడంతో సరిపెట్టక షట్‌డౌన్ చేసి, చల్లని గదిలో పెడుతున్నది. రెండు మూడు నెలలకోసారి తీసి మళ్ళీ సగానికి నింపుతున్నది. వాళ్ళమ్మ క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర సున్నా చుట్టింది.