బాత్రూమ్ ధర నేల చూసి చెప్పించకండి

పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) అధికారులకు,

వంటగదులు, బాత్రూములు, నీళ్ల ట్యాంకులు మూలమూలలా శుభ్రం చేసే పనిని పొదుపు సంఘాల మహిళలు ఉపాధిగా పెట్టుకోవాలంటే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. బ్రష్షులు, స్క్రబ్బర్లు, బకెట్లు, రబ్బరు గ్లౌజులు, చిన్న నిచ్చెన చాలు. నష్టం వచ్చేది ధర చెప్పే దగ్గరే. గది సైజును బట్టి చెప్పడం సరైన పద్ధతే గానీ, సైజంటే నేల అనుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే శిక్షణలో మందుల వాడకం కంటే ముందు టేపు పట్టి కొలవడం నేర్పించమని నా మనవి.

నాలుగడుగుల చదరపు బాత్రూమ్ తీసుకోండి. నేల 16 చదరపు అడుగులు. ఏడడుగుల ఎత్తున టైల్స్ ఉంటే, తలుపు మినహాయించకుండా, గోడలు 112. మొత్తం 128. ఎనిమిది బై ఐదు బాత్రూమ్‌లో నేల 40, గోడలు 182, మొత్తం 222. నేల రెండున్నర రెట్లు పెరిగింది. రుద్దాల్సింది మాత్రం ఒకటీ ముప్పావు రెట్లు కూడా కాలేదు. పెద్దదానికి వెయ్యి రూపాయలనుకుంటే, నేల లెక్కన చిన్నదానికి 400 వస్తుంది. పని లెక్కన 577 రావాలి. ఆ తేడా పనిచేసినామె రెక్కల కష్టం.

సైజు కాదు, మురికిని చూడాలి కదా అంటారు. నిజమే. అందుకే కొలిచాక కుళాయి కింద ఒక చదరపు అడుగు, పైన ఒక చదరపు అడుగు రుద్ది చూడాలి. మరక అర నిమిషంలో వదిలితే 222 అడుగులూ రెండు గంటల్లోపు అవుతాయి. రెండు నిమిషాలు పడితే ఏడు గంటలు దాటుతుంది. ఆరాక చేత్తో తడిమితే గరుగ్గా తగిలితే బోరు నీళ్ల ఉప్పు ఇంకా ఉన్నట్టే. నున్నగా ఉండి మసకగా కనిపిస్తే టైలు మెరుపే పోయింది, ఎంత రుద్దినా రాదు. ఆ మాట పని మొదలుపెట్టకముందే ఇంటివాళ్లకు చెప్పాలి. ఫోన్లోనే ఒక ధర చెప్పమనేవాళ్లకు ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పి, అసలు ధర కొలిచాక చీటీ మీద రాసివ్వొచ్చు. దానికి పావుగంట మించి పట్టదు.

ట్యాంకుకు అడుగుల లెక్క సరిపోదు, లీటర్లు అడగాలి. వెయ్యి లీటర్ల ట్యాంకును రుద్ది కడిగాక నీళ్లు నింపి, సుమారు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, రాత్రంతా ఉంచి, మర్నాడు ఖాళీ చేసి కడగాలి. అంటే రెండుసార్లు రావాలి. రెండోరోజు కూలీ మొదటి ధరలోనే కలవాలి. బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఆ రెండూ ఒకే సంచీలో ఉండకూడదు. భూమిలోపలి సంపుల్లో గాలి చాలక ప్రాణం పోవచ్చు కాబట్టి, మనిషి లోపలికి దిగాల్సిన సంపు పనిని ఈ సంఘాల ధరల పట్టికలో చేర్చకండి.