పసుపు గీతలు ఏమైపోయాయి?

పాడర్‌బోర్న్‌లో థీసిస్ రాస్తున్న రోజులు. జొటెరోలో రెండు నెలలుగా గీతలు గీసుకున్న పేపర్లన్నీ storage ఫోల్డర్‌లోంచి ట్యాబ్‌లోకి కాపీ చేసుకుని రైలెక్కాను. తెరిస్తే ఒక్క గీతా లేదు! గుండె గుభేలుమంది.

తప్పు నాదే. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి జొటెరో మన గీతల్నీ, పక్కన రాసుకున్న మాటల్నీ పీడీఎఫ్‌లో కాక తన డేటాబేస్‌లో దాస్తుంది. అందుకే ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ నిండి, కొత్త పీడీఎఫ్‌లు సింక్ కావడం ఆగినా గీతలు మాత్రం సింక్ అవుతూనే ఉంటాయి. చిక్కల్లా ఫైలు గడప దాటినప్పుడే. పేపర్‌ని జొటెరోలోనే తెరిచి, File మెనూలో Save As… నొక్కితే గీతలతో సహా వేరే కాపీ వస్తుంది. ఇప్పుడు దాన్ని ఇంకో రీడర్‌లో తెరిచి చూసుకున్నాకే మా గైడుకి పంపుతున్నాను.