డయాలసిస్‌లో గడిచే నాలుగు గంటలూ చార్టులోకి రావాలి

పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలయ్యాయి. ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ల నుంచి రక్తశుద్ధి కోసం ఎక్కడెక్కడికో పోయిన వాళ్లకు అది పెద్ద ఊరట. ఇక అడగాల్సింది ఖర్చు లేని పని: పలాసలోనూ టెక్కలిలోనూ సొంతంగా పక్కకు తిరగలేని ప్రతి రోగి మంచానికీ తెలుగులో ఒక చార్టు కట్టాలి. ఏ వేళ ఏ పక్కకు తిప్పారు, చర్మం ఎలా ఉంది, ఎవరు చూశారు అన్నవే అందులో గడులు.

కిడ్నీ రోగికి ఈ చార్టు అవసరం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. ఒంట్లో నీరు చేరి చర్మం ఉబ్బి ఉంటుంది, రక్తం తక్కువ, కండ కరిగి ఎముకలు పైకి తేలతాయి. షుగర్ కూడా ఉంటే మడమ నొప్పి తెలియకపోవచ్చు. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చోట రక్తం ఆడక కండ లోపలే చచ్చిపోవడం మొదలవుతుంది. పైన పుండు కనిపించే వేళకు లోపల చాలా దూరం పోయి ఉండొచ్చు.

ఒక రోజు లెక్క వేసి చూద్దాం. పక్షవాతంతో మంచం పట్టిన, ఎడమ చేతికి ఫిస్టులా ఉన్న రోగిని అనుకుందాం. ఉదయం ఆరింటికి కుడి పక్కకు తిప్పారు. ఎనిమిదింటికి వెల్లకిలా పడుకోబెట్టి టిఫిన్ పెట్టారు. పదింటికి అలాగే డయాలసిస్‌కు తీసుకెళ్లారు, రెండింటిదాకా అక్కడే. అంటే ఆరు గంటలపాటు బరువంతా నడుం కింది ఎముక మీదా మడమల మీదా పడింది. పైగా నీరు లాగేటప్పుడు బీపీ పడిపోతే నలిగిన చోటికి రక్తం మరీ తగ్గుతుంది. వార్డు చార్టు చూస్తే ఆ నాలుగు గంటల గడులు ఖాళీగానైనా ఉంటాయి, లేదా ‘పదికి కుడి, పన్నెండుకి ఎడమ’ అని రాసైనా ఉంటాయి. రోగి వార్డులో లేని వేళకు తిప్పినట్టు రాసి ఉందంటే ఆ చార్టు తర్వాత కూర్చుని నింపిందే.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. టిఫిన్ అయ్యాక కాసేపటికి పక్కకు తిప్పి, డయాలసిస్ యూనిట్‌కు వెళ్లేదాకా అలాగే ఉంచాలి. యూనిట్‌లో సూదులున్న చేయి కదలకుండా, గంటకోసారి ఒక తుంటి కింద మడత పెట్టిన తువ్వాలు దూర్చి, తర్వాత రెండో వైపుకు మార్చాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడాలి. ఇవన్నీ అదే చార్టులో రాయాలి. కాగితం రోగి వెంటే వెళ్లాలి, వెంటే రావాలి. తిరిగొచ్చాక వెల్లకిలా పడుకోబెట్టకూడదు.

తిప్పడమంటే పూర్తిగా పక్కకు పడుకోబెట్టడం కాదు. వీపు వెనక దిండు ఆనించి 30 డిగ్రీలు వాల్చితే చాలు. అప్పుడు తుంటి ఎముక మీద బరువు పడదు. ఫిస్టులా వైపు వాల్చినా చేయి ఒంటి కింద నలగకుండా ముందుకు తీసి దిండు మీద పెట్టాలి. పైకి జరపాలంటే ఇద్దరు కలిసి కింద వేసిన దుప్పటితో ఎత్తాలి. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది.

రెండు గంటలకోసారి తిప్పాలన్నది రాతి మీద గీత కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో మంచి ఫోమ్ పరుపుల మీద రెండు, మూడు, నాలుగు గంటల వ్యవధుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ మెత్తన అణిగిపోయిన పరుపు మీద ఉబ్బిన చర్మానికి ఆ వెసులుబాటు ఇవ్వలేం. ఆయాసం వల్ల తల ఎత్తి ఉంచాల్సిన రోగి కిందికి జారుతూ ఉంటాడు. అతనికి ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, ఆ తర్వాతే తలవైపు ఎత్తాలి. ఇంకా తరచుగా చూడాలి.

చర్మం చూడటం డ్యూటీ మారేటప్పుడు జరగాలి. దిగే నర్సూ ఎక్కే నర్సూ కలిసి నడుం కింద, తుంటి, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక భాగం చూడాలి. రంగు మారిన చోట వేలితో నొక్కి వదిలితే పాలిపోయి మళ్లీ రంగు తిరగాలి. పాలిపోకపోతే అది పుండుకు తొలి మెట్టు. నల్లటి ఒంటి మీద ఎరుపు తేలిగ్గా దొరకదు. పక్క చర్మం కన్నా వేడిగా, గట్టిగా లేదా మెత్తగా ఉందా, ఊదా రంగు తిరిగిందా, ముట్టుకుంటే నొప్పా అని చూడాలి. అలాంటి చోట నూనె రాసి రుద్దకూడదు. గుండ్రటి రింగు దిండూ వద్దు. దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది. ఆ వైపు బరువు పడకుండా చేసి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

వార్డులో తిప్పేది చాలాసార్లు రోగి ఇంటి మనుషులే. వాళ్లు తిప్పవచ్చు, కానీ నేర్పే బాధ్యత, సంతకం నర్సువి కావాలి. చేరిన రోజే చర్మం చూసి రాయాలి. అప్పుడే పుండు ఇంటి నుంచి వచ్చిందా, వార్డులో పుట్టిందా తెలుస్తుంది. డిశ్చార్జి వేళ ఒక ఖాళీ చార్టు చేతికివ్వాలి. సూపరింటెండెంట్లు ఈ చార్టు కట్టాలని ఆదేశం ఇచ్చి, వారానికోసారి చార్టునూ డయాలసిస్ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి వేళలు సరిపోల్చాలని ఉద్దానం కుటుంబాలు కోరాలి.