ఎల్.టి.సి. ఉంటే ఖర్చు లేనట్టేనా?

బదిలీల మీద ఊళ్లు మారే మనకు ఒక ఆశ ఉంటుంది. ఈ ఊరు వదలకముందే చుట్టుపక్కల చూడవలసినవన్నీ చూసేయాలి. నోయిడాలో ఉన్నవాళ్లకు హరిద్వార్, రిషికేశ్ ముందుగా గుర్తుకొస్తాయి. "నాన్నగారికి ఎల్.టి.సి. ఉందిగా, మనకేం ఖర్చు?" అని చాలామంది మిత్రులు అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఎల్.టి.సి.లో తిరిగి వచ్చేది ప్రయాణ టికెట్ల డబ్బే. గది అద్దె, భోజనం, ఊళ్లో తిరిగే ఆటోల ఖర్చు అందులో రావు.

నలుగురున్న కుటుంబం దసరా సెలవుల్లో ఐదు రోజులు హరిద్వార్ వెళ్లిందనుకుందాం. ఇక్కడి ధరలు లెక్క కోసం వేసుకున్నవే. మీరు వెళ్లేనాటి ధరలు కనుక్కొని వేసుకోండి. రైలు టికెట్టు మనిషికి 600 చొప్పున రానుపోను 4,800 రూపాయలు. ఐదు రోజులంటే నాలుగు రాత్రులు. గదికి రోజుకు 2,500 చొప్పున 10,000. మొత్తం 14,800. చాలా ఇళ్లలో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

భోజనాన్ని రోజుల్లో కాక ప్లేట్లలో లెక్కపెట్టాలి. రోజుకు మూడు పూటలు, నలుగురు, ఐదు రోజులు: 60 ప్లేట్లు. గదితోపాటు ఉదయం టిఫిన్ ఇస్తే నాలుగు ఉదయాలకు 16 తగ్గుతాయి. మిగిలిన 44 ప్లేట్లకు 150 చొప్పున 6,600. ఇంటి నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కు టాక్సీ రానుపోను 1,400, రిషికేశ్ చూసి రావడానికి 2,000, హరిద్వార్‌లో ఆటోలకు 1,200. అంతా కలిపి 4,600.

ఇక టీ, నీళ్ల సీసా, చెప్పుల స్టాండు, ప్రసాదం. వీటిని "అనుకోని ఖర్చు" అంటారు గాని, గది దాటిన ప్రతిసారీ ఇవి వస్తూనే ఉంటాయి. రోజుకు రెండుసార్లు బయటికి వెళ్తే పదిసార్లు; ఒక్కోసారికి 200 చొప్పున 2,000. ఇప్పుడు మొత్తం 28,000 అయింది. మొదటి లెక్కకు దాదాపు రెట్టింపు! ఎల్.టి.సి. 4,800 పోయినా 23,200 జీతంలోంచే వెళ్తాయి.

నిజంగా అనుకోనిది వేరు. తిరుగు రైలు తప్పితే ఇంకో రాత్రి గది, మళ్లీ నాలుగు టికెట్లు కావాలి. అందుకు 5,000 విడిగా ఉంచి, అవసరం పడకపోతే ఇంటికి తిరిగి తేవాలి.

ఇంత ఖర్చు కష్టమనిపిస్తే భోజనం దగ్గర పిసినారితనం వద్దు, ఒక రోజు తగ్గించండి. గది 2,500, ఎనిమిది ప్లేట్లు 1,200, రెండుసార్లు బయటికి వెళ్లే చిల్లర ఖర్చు 400, కలిపి 4,100 మిగులుతాయి. టికెట్ల ఖర్చు మాత్రం ఒక్క రూపాయీ తగ్గదు. అందుకే టికెట్లు కొనకముందే ఈ లెక్క వేయాలి. ఆ పని ఇంట్లో మనమే తీసుకోవాలని నా అభిప్రాయం.