బొమ్మ పక్కన బకెట్టు

రెండేళ్ల క్రితం మార్చి నెలలో మేము సాల్ట్ అనాలిసిస్ చేస్తుండగా ఒక సంఘటన జరిగింది. మా రూమ్మేట్ ఒకతను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసిన పరీక్షనాళికను వేడి చేస్తున్నాడు. అది ఒక్కసారిగా పొంగి, చుక్కలు అతని చెంపమీద, కంటి అంచున పడ్డాయి. మేము అతన్ని సింకు దగ్గరకు లాక్కెళ్లి కొళాయి తిప్పితే సుయ్‌మని గాలి వచ్చింది తప్ప నీళ్లు రాలేదు. ఆ రోజు మా వీధికి నీళ్లు వదిలే రోజు కాదు, పైన ట్యాంకు ఖాళీ. మేము కొయ్యబొమ్మల్లా నిలబడిపోయాము. అటెండర్ అన్నే "నిలబడి సూస్తారేందప్పా, ఆ తాగే నీళ్ల క్యాను ఎత్తండి" అని అరిచాడు. వరండాలోని ఇరవై లీటర్ల క్యాను తెచ్చి కన్ను తెరిపించి పోస్తూనే ఉన్నాము. కన్ను దక్కింది. చెంపమీద గోధుమరంగు మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ సాయంత్రం మేమంతా ఆ ఆమ్లం సీసా చుట్టూ చేరి దాని లేబుల్‌ను మొదటిసారి పూర్తిగా చదివాము. కంట్లో పడితే చాలా నిమిషాలపాటు నీటితో జాగ్రత్తగా కడగాలని అందులో ముద్రించే ఉంది. వైవాలో అడుగుతారని బొమ్మల పేర్లు అంతకుముందే బట్టీ పట్టాము. కాని ఆ బొమ్మ మమ్మల్ని నీళ్లు అడుగుతోందని మాకు తోచలేదు. సీసామీది బొమ్మను చదవడమంటే దాని పేరు చెప్పడం కాదని, మూత తీసేముందే అది అడిగినవి బెంచీమీద సిద్ధం చేసుకోవడమని మా అభిప్రాయం. వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లకు మించని మన జిల్లాలో, అది అడిగే వాటిలో మొదటిది నీళ్ల బకెట్టు.

ఈ బొమ్మలు ఎర్ర అంచు గల వజ్రాకారంలో, తెల్లని నేలమీద నల్లగా ఉంటాయి. ఐక్యరాజ్య సమితి 2003లో ప్రచురించిన ఉమ్మడి పద్ధతి ప్రకారం వచ్చినవి ఇవి, మొత్తం తొమ్మిది. అంతకు ముందటి సీసాలమీద నారింజరంగు చతురస్రాలు ఉండేవి. పాత బీరువాలు వెతికితే అవి ఇంకా దొరుకుతాయి. బొమ్మ దగ్గర ఒక హెచ్చరిక పదం ఉంటుంది: డేంజర్ లేదా వార్నింగ్. ఒక సీసామీద రెండూ ఉండవు. తీవ్రమైనదైతే డేంజర్, అంతకంటే తక్కువైతే వార్నింగ్. చాలామంది బొమ్మ చూసి ఆగిపోతారు, పదాన్ని వదిలేస్తారు. మేమూ అంతే. ఆ రెండూ కలిపి చదవకపోతే ఏమవుతుందో ఆ ఆమ్లంతోనే చెబుతాము.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసామీద ఉండే బొమ్మను దగ్గరగా చూడండి. అందులో రెండు గొట్టాలనుండి చుక్కలు కారుతుంటాయి. ఒకవైపు చుక్కలు చేతిని తింటున్నాయి, మరొకవైపు లోహపు కడ్డీని తింటున్నాయి. అంటే ఒకే బొమ్మలో రెండు వేరు వేరు హెచ్చరికలున్నాయి. మనకు ఏది వర్తిస్తుందో పదమే చెబుతుంది. డేంజర్ అని ఉంటే చర్మాన్ని కాలుస్తుంది లేదా కంటిని శాశ్వతంగా పాడుచేస్తుంది. అదే బొమ్మ పక్కన వార్నింగ్ అని మాత్రమే ఉంటే ప్రమాదం లోహానికన్నమాట. కింద వాక్యం చూస్తే రూఢి అవుతుంది: హెచ్ 314 అంటే చర్మం తీవ్రంగా కాలడం, హెచ్ 290 అంటే లోహాలను తినడం. మొదటిదానికి కళ్లద్దాలు, పొడుగు చేతుల కోటు, కాళ్లు మూసే బూట్లు, నీళ్లు కావాలి. రెండోదాన్ని రేకు డబ్బాలోను, ఇనుప ట్రేలోను పెట్టకుండా ఉంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. కంపెనీ లేబుల్ ఉండేది పెద్ద సీసామీద. మా బెంచీమీద ఉండేవి అందులోంచి తయారుచేసి పోసిన చిన్న సీసాలు. వాటిమీద పెన్నుతో "సజల ఆమ్లం" అని రెండు మాటలు రాసి ఉంటాయి. సజలం అంటే ఎంత? అమ్ముడుపోయే సల్ఫ్యూరిక్ ఆమ్లానికి వర్గీకరణ లెక్క ఇలా ఉంది: బరువులో 15 శాతం, అంతకు మించితే చేతిని తినే బొమ్మ, డేంజర్. 5 నుండి 15 శాతం మధ్యనైతే చర్మాన్ని, కంటిని మండించేది, ఆశ్చర్యార్థకం గుర్తు, వార్నింగ్. రెండు నార్మల్ ద్రావణం అంటే ఒక మోలార్. అందులో ఆమ్లం సుమారు 9 శాతం. రెండు మోలార్ అయితే సుమారు 17 శాతం. సీసామీద "2" అని రాసి పక్కన అక్షరం చెరిగిపోతే అది వార్నింగ్ సీసానో, డేంజర్ సీసానో చెప్పలేము. రెండూ నీళ్లలాగే కనిపిస్తాయి. ఒక్క అక్షరం కాటుకంత మసకబారితే జాగ్రత్త మారిపోతుంది.

అందుకే ద్రావణం తయారుచేసినవాళ్లే, తయారుచేసిన వెంటనే లేబుల్ రాయాలని మేము కోరుతున్నాము. మేము ఒక మోలార్ ద్రావణం 500 మిల్లీలీటర్లు ఎలా చేశామో చెబుతాము. గాఢ ఆమ్లం సుమారు 18 మోలార్ కాబట్టి 28 మిల్లీలీటర్లు పడుతుంది. లీటరు బీకరులో ముందు 400 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఆ బీకరును నీళ్ల టబ్బులో నిలబెట్టాము. ఆమ్లాన్ని గాజు కడ్డీతో కలుపుతూ కొంచెం కొంచెంగా పోశాము. ఇంత పలుచనలోనే ద్రావణం 15 నుండి 20 డిగ్రీలదాకా వేడెక్కుతుంది. ఎండాకాలం మన ట్యాంకు నీళ్లే స్నానానికి కాచినట్టుంటాయి కనుక ఉదయం పూట చేయడం మేలు. ఇదే పనిని తిరగేసి ఆమ్లంమీద నీళ్లు పోస్తే పైనున్న కొద్ది నీళ్లు అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని మొహంమీదికి చిమ్ముతాయి. మందపాటి మామూలు గాజు సీసాలో నేరుగా కలిపినా ప్రమాదమే, వేడికి అడుగు పగులుతుంది. బీకరు చల్లారాక 500 వరకు నీళ్లు చేర్చి సీసాలో పోశాము. పలుచని నైట్రైల్ గ్లౌజులను నమ్ముకోవద్దు. గాఢ ఆమ్లం వాటిని త్వరగానే దాటుతుంది, చుక్క పడితే వెంటనే తీసేసి చేయి కడగాలి.

తరువాత లేబుల్. పేరు, ఒక మోలార్, సుమారు 9 శాతం, తేదీ, వార్నింగ్, ఆశ్చర్యార్థకం గుర్తు. ఇవన్నీ పెన్సిలుతో రాశాము, ఎందుకంటే పెన్ను సిరా తడికి కరిగిపోతుంది. పైన సెల్లో టేపు అంటించాము. పోసేటప్పుడు లేబుల్ అరచేతివైపు ఉండేలా సీసా పట్టుకోవాలి. అప్పుడు మూతినుండి జారే చుక్క ఎదుటివైపు కారుతుంది, లేబుల్ కాలదు. మా ల్యాబ్‌లో సగం లేబుళ్లు నల్లబడి చిరిగిపోవడానికి కారణం సీసాను తిప్పి పట్టుకోవడమే. చదవలేని సీసా కనిపిస్తే వాసన చూసి పోల్చుకోకుండా అటెండర్ అన్నకు అప్పగించాలి.

ఇక నీళ్ల సంగతి. కన్ను కడిగే పరికరాలకు ప్రయోగశాలల్లో పాటించే అమెరికన్ ప్రమాణం నిమిషానికి సుమారు లీటరున్నర, 15 నిమిషాలు. గుణిస్తే ఇరవై రెండున్నర లీటర్లు. ఆ రోజు మాకు దొరికిన క్యాను నిండుగా ఉంటే ఈ లెక్కన 13 నిమిషాలు వచ్చేది. అది సగమే ఉండింది. మిగతా నీళ్లకోసం ఇద్దరు పరుగెత్తి పక్క హోటల్‌నుండి బిందె తెచ్చారు. మొహంమీద ఆమ్లం పడ్డ మనిషికి ఆ రెండు నిమిషాలు ఎంత దూరమో అతన్నే అడగండి. కాబట్టి మా కోరిక చిన్నది: కింద కొళాయి, దానికి మెత్తటి రబ్బరు గొట్టం ఉన్న 25 లీటర్ల డ్రమ్ము ఒకటి ఎత్తైన బల్లమీద పెట్టాలి. పక్కన ఒళ్లు కడగడానికి రెండు నిండు బకెట్లు ఉంచాలి. డేంజర్ అని ఉన్న సీసా ఆ రోజు ప్రయోగంలో ఉంటే, డ్రమ్ము నిండేదాకా ప్రయోగం మొదలుపెట్టకూడదు. కడగడం అయ్యాక ఆసుపత్రికి పోయేటప్పుడు సీసామీది పేరు కాగితంమీద రాసుకుని పోవాలి. మేము "ఏదో యాసిడ్" అని చెప్పి డాక్టరు గారితో చీవాట్లు తిన్నాము.

తాగడానికే నీళ్లు లేని ఊళ్లో ఇదెక్కడి దుబారా అని కొందరు అన్నారు. అన్నవాళ్లలో మంచివాళ్లే ఎక్కువ, మాకు కోపం రాలేదు. ప్రయోగం సజావుగా అయిపోయిన రోజు ఆ నీళ్లు పాడు కావు కదా. రోజు మార్చి రోజు పాత నీళ్లు ల్యాబ్ వెనుక వేపమొక్కలకు పోసి కొత్తవి పడుతున్నాము. మూడు మొక్కలూ బతికాయి.

లేబుల్ చెప్పని సంగతి ఒకటి కూడా చెప్పాలి. గాఢ అమోనియా సీసామీద చేతిని తినే బొమ్మ, డేంజర్ పదం ఉంటాయి. కాని అది మన ఎండను లెక్కలోకి తీసుకోదు. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఆ సీసాలో వాయువు ఒత్తిడి పెరిగి ఉంటుంది. మూత తిప్పగానే బుస్సుమని మొహంమీదికి వస్తుంది. తెరిచేముందు సీసాను కొంతసేపు చల్లని నీళ్ల గిన్నెలో ఉంచి, మూతిని మొహానికి దూరంగా తిప్పి, కిటికీ దగ్గర మెల్లగా తెరవాలి. ఇది సీసామీద లేదు, వేసవిలో పనిచేసినవాళ్లనుండి నేర్చుకున్నాము.

చివరగా మన హాస్టల్ మాట. స్నానాల గది అటకమీద కూల్‌డ్రింక్ సీసాలో పసుపుపచ్చని నీళ్లు ఉండేవి. అది మరుగుదొడ్లు కడిగే యాసిడ్. దానికి పేరు లేదు, బొమ్మ లేదు. పక్క అరలోనే బ్లీచింగ్ పౌడర్ డబ్బా. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. వార్డెన్ గారి అనుమతితో మేము ఆ యాసిడ్‌ను దుకాణంనుండి వచ్చిన అసలు డబ్బాలోనే ఉంచేటట్టు చేసి, బ్లీచింగ్ పౌడర్‌ను వేరే గదికి మార్చాము. కూల్‌డ్రింక్ సీసాను పగలగొట్టాము. డబ్బామీద ఎర్ర వజ్రం గీసింది ఎనిమిదో తరగతి తమ్ముడు. చేతిని బాగానే గీశాడు గాని వేళ్లు ఆరు వచ్చాయి.