పెద్దలు మెచ్చుకున్నప్పుడు...

గత షాబాన్ మాసంలో మా మదర్సా వార్షిక జల్సా జరిగింది. అతిథిగా విచ్చేసిన ఒక వయోవృద్ధ ఆలిమ్ గారు, సభారంభంలో ఖుర్ఆన్ పారాయణం చేసిన మా విద్యార్థిని దగ్గరకు పిలిచి, "మాషా అల్లాహ్! చాలా చక్కగా చదివావు. తజ్వీద్‌లో ఎక్కడా లోపం కనబడలేదు" అన్నారు. ఆ అబ్బాయి తల దించుకొని, "లేదు హజ్రత్, నాకేమీ రాదు" అన్నాడు. ఆయన చిరునవ్వుతో, "అయితే నా చెవులే పొరబడ్డాయన్నమాట" అన్నారు. అబ్బాయి కంగారుపడి, "అయ్యో హజ్రత్, తమరంతటి ఆలిమ్ ఈ దేశంలోనే లేరు. తమరి పాదధూళికి కూడా నేను సరిపోను" అన్నాడు. పెద్దాయన ముఖంలో చిరునవ్వు మాయమయింది.

తప్పు ఆ అబ్బాయిది కాదు, మాది. ఎవరైనా పొగిడితే "నాకేమీ రాదు" అనాలని నేర్పింది మేమే. ఆ రాత్రి ఆలోచించగా, ఆ రెండు జవాబులూ అసత్యాలేనని మాకు తోచింది. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్నవాడు ఏమీ రాదనడం నిజం కాదు. అది అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహాన్ని కాదనడం, మెచ్చుకున్న పెద్దాయన తీర్పును తోసిపుచ్చడం కూడా. పైగా "అలా అనకు నాయనా, నిజంగానే బాగా చదివావు" అని ఆయన మళ్లీ చెప్పవలసి వస్తుంది. అంటే వినయం పేరిట మెప్పును రెండోసారి అడిగి పుచ్చుకున్నట్లే. ఇక రెండో జవాబు, అందుకున్న పొగడ్తకు అంతకు పదింతల పొగడ్తను బదులు తీర్చడం.

ఈ విషయంలో హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) మనకు మంచి ఆదర్శం. ఆయన రాత్రివేళ ఖుర్ఆన్ పారాయణం చేస్తుండగా దైవప్రవక్త (సఅసం) ఆలకించారు. ఆ తరువాత ఆయనతో ఆ సంగతి చెప్పి, దావూద్ (అలై) వంశీయుల మధుర స్వరం ఆయనకు లభించిందని ప్రశంసించారు. సహీహ్ ముస్లింలో ఈ హదీసు ఉంది. అబూ మూసా (రజి) ఇచ్చిన జవాబు మరికొన్ని హదీసు గ్రంథాలలో లభిస్తుంది. తమరు వింటున్నారని తెలిసి ఉంటే ఇంకా శ్రావ్యంగా చదివేవాణ్ణని ఆయన విన్నవించుకున్నారు. అంతే! తన గొంతు బాగుండదని అనలేదు. ప్రవక్త (సఅసం) పట్ల ఆయనకున్న ప్రేమకు హద్దు లేకపోయినా, మెప్పుకు బదులుగా స్తుతి వాక్యాలు గుప్పించలేదు. చేసిన పనిని గురించే మాట్లాడారు. ఇంకా బాగా చేయాలన్న కోరికలోనే ఆయన గౌరవమంతా ఇమిడి ఉంది.

"పొగిడేవారి ముఖాన మన్ను చల్లమని హదీసులో ఉంది కదా?" అని కొందరు అడుగుతారు. నిజమే, ఉంది. అయితే ప్రవక్త (సఅసం) స్వయంగా తన సహచరులను ముఖాముఖిగా ప్రశంసించిన సందర్భాలు కూడా ఎన్నో ఉన్నాయి. ఇమామ్ నవవీ (రహ్మలై) ఈ రెండింటినీ సమన్వయపరిచారు. హద్దు మీరిన పొగడ్తకు, లేదా విన్నవాడు గర్వంలో పడతాడన్న భయం ఉన్నచోట ఆ హెచ్చరిక వర్తిస్తుంది. ఒక పెద్దాయన ఒక పిల్లవాణ్ణి ఉన్నమాటతో ప్రోత్సహించడం ఆ కోవలోకి రాదు.

మరునాడు ఆ అబ్బాయిని కూర్చోబెట్టుకొని, జవాబును మళ్లీ తయారు చేశాము. "జజాకల్లాహు ఖైరన్ హజ్రత్. ఇది అల్లాహ్ అనుగ్రహం. నా తోటి విద్యార్థి రోజూ ఫజ్ర్ తరువాత నా చేత చదివించి తప్పులు దిద్దాడు. వఖ్ఫ్ చేయవలసిన చోట ఇంకా తడబడుతున్నాను, దుఆ చేయండి." ఇందులో ప్రతి మాటా నిజం. అసలైన వినయానికి గుర్తు కూడా ఇక్కడే దొరుకుతుంది. బూటకపు వినయం "నాకేమీ రాదు" అని మొత్తాన్నీ కొట్టిపారేస్తుంది. నిజమైన వినయం ఫలానా చోట తడబడుతున్నానని వేలు పెట్టి చూపిస్తుంది. పెద్దలు దాన్ని సరిదిద్దగలరు కూడా.

ఒక్క సందర్భంలో మాత్రం మెప్పును కాదని తీరాలి. అది మనది కానప్పుడు. తనకు లేనిదాన్ని ఉన్నట్లు చూపుకునేవాడిని, రెండు అసత్యపు వస్త్రాలు ధరించినవాడితో ప్రవక్త (సఅసం) పోల్చారు. అత్తగారు ఇఫ్తార్ విందులో హలీమ్‌ను మెచ్చుకుంటే, దాన్ని వండింది తోడికోడలయితే, "అది చెల్లెలి చేతి వంట అత్తమ్మా, నేను వడ్డించానంతే" అని వెంటనే చెప్పాలి. అక్కడ మౌనంగా ఉండిపోతే మరొకరి హక్కును కాజేసినట్లే.

నోటితో చెప్పవలసింది ఇంతే. మిగిలినది మనసులో అల్లాహ్‌కు చెప్పుకోవాలి. పూర్వీకులు తమను ఎవరైనా ప్రశంసిస్తే, వారి మాటలకు తమను పట్టుకోవద్దనీ, వారికి తెలియని తమ తప్పులను మన్నించమనీ వేడుకునేవారు. తన లోపాలను ఏకరువు పెట్టవలసిన చోటు అదే, జనం ముందు కాదు.

అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్నీ, మన హృదయాలకు వినమ్రతనూ ప్రసాదించుగాక! ఆమీన్.